వారాంతపు రేటు తప్పుగా కనిపిస్తే: బుకింగ్ వేదికకు హోటల్ రాయాల్సిన ఫిర్యాదు

అరకులో ఇరవై రెండు గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. డిసెంబరు వస్తే శుక్ర, శనివారాల రాత్రులకు విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి జనం ఎగబడతారు. అందుకే ఆ రెండు రాత్రులకు డీలక్స్ గది 4,800 రూపాయలు, మిగతా రోజుల్లో 3,200. ఈ రేట్లను యజమాని నవంబరులోనే ఆన్‌లైన్‌లో ఎక్కించాడు. 2025 డిసెంబరు 3, బుధవారం సాయంత్రం రిసెప్షన్‌కు ఒక వోచర్ వచ్చింది. 12, 13 తేదీలు, రెండు రాత్రులు, గది అద్దె మొత్తం 6,400. అంటే రాత్రికి 3,200. వెనక్కి వెళ్లి చూస్తే సోమవారం నుంచి అలాంటివే మరో ఆరు వచ్చాయి.

ఈ హోటల్ ఊహే కానీ సమస్య ఊహ కాదు. చిన్న హోటళ్లలో ఎక్కువమంది ఇక్కడ చేసేది ఒకటే: కోపంగా నాలుగు వాక్యాలు రాసి పంపడం. ‘మా వీకెండ్ రేటు తప్పు చూపిస్తున్నారు, వెంటనే సరిచేయండి’ అని. దానికి జవాబుగా ‘రేట్లు హోటల్ నియంత్రణలోనే ఉంటాయి, దయచేసి మీ ఖాతా సరిచూసుకోండి’ అన్న ఒక రెడీమేడ్ పేరా వస్తుంది. రెండు రోజులు పోతాయి. ఆ రెండు రోజుల్లో ఇంకో నాలుగు గదులు అదే ధరకు అమ్ముడవుతాయి.

కాబట్టి ఉత్తరం కన్నా ముందు చేయాల్సిన పని ఆ తేదీలకు అమ్మకం ఆపడం. హోటల్ వాళ్లు లాగిన్ అయ్యే ఖాతా పేజీని ఎక్స్‌ట్రానెట్ అంటారు. అందులో ఆ గదికి, ఆ తేదీలకు ‘క్లోజ్’ పెట్టాలి. రేటును మళ్లీ 4,800 అని టైపు చేసి చూద్దాం అని మాత్రం అనిపించకూడదు. అలా చేస్తే మార్పుల చరిత్రలో డిసెంబరు 3న హోటలే రేటు మార్చినట్టు ఒక కొత్త వరుస చేరుతుంది. ‘అంతకుముందు మీరే తక్కువ పెట్టారు, ఇప్పుడు సరిచేసుకున్నారు’ అనడానికి అవతలివారికి అదే ఆధారమవుతుంది. ముందు మూసేయండి, తర్వాత సాక్ష్యం తీసుకోండి, ఆ తర్వాతే రేటును ముట్టుకోండి. మూసేస్తే తప్పు పేజీ కూడా కనిపించకుండా పోతుంది కదా అనే సందేహం సరైనదే. అందుకే మూసే ముందు ఒక్క రెండు నిమిషాలు స్క్రీన్‌షాట్‌లకు కేటాయించాలి, అంతకన్నా ఎక్కువ కాదు.

ఇక అసలు ప్రశ్న: ఈ తప్పు ఎవరిది? దీనికి మొదటి జవాబు ఆ అంకెలోనే ఉంటుంది. తప్పు రేటును సరైన రేటుతో భాగించి చూడండి. 4,800 ఉండాల్సిన చోట 4,320 కనిపిస్తే అది సరిగ్గా పది శాతం తక్కువ. అంటే ఏదో ఒక డిస్కౌంట్ పనిచేస్తోంది. 3,888 కనిపిస్తే పది శాతం మీద మళ్లీ పది శాతం. మూడోది కూడా తోడైతే 3,499 రూపాయల 20 పైసలు. మొబైల్‌లో బుక్ చేసేవారికి ఒకటి, సభ్యులకు ఒకటి, డబ్బు వాపసు ఉండని బుకింగ్‌కు ఒకటి అని హోటల్ ఎప్పుడో ఏడాది కిందట ఒప్పుకున్న మూడు తగ్గింపులు ఒకదానిపై ఒకటి పేరుకుంటే 4,800 కాస్తా మూడున్నర వేల కిందికి దిగుతుంది. చూడటానికి ఇది ఘోరమైన తప్పులా ఉంటుంది. కానీ ఫిర్యాదు చేస్తే నిలవదు, ఎందుకంటే మూడింటికీ ‘సరే’ నొక్కింది హోటలే. అలాంటప్పుడు చేయాల్సింది ప్రమోషన్ల పేజీకి వెళ్లి ఆ తేదీలను మినహాయించడం.

మన ఉదాహరణలో అంకె 3,200. ఏ శాతానికీ గుండుగా రాని భాగం, కానీ సోమవారం నుంచి గురువారం దాకా ఉండే రేటుకు పైసాతో సహా సమానం. అంటే ఇది తగ్గింపు కాదు. వారాంతపు రేటు ఆ తేదీలకు అసలు అంటుకోలేదు, లేదా అంటుకుని ఊడిపోయింది.

ఇంకో రెండు సందేహాలను కూడా ఇక్కడే తీర్చుకోవాలి. ఒకటి పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్‌టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. అంతకు మించితే 18 శాతం. కాబట్టి 4,800 గదికి అతిథి కట్టేది 5,040, 3,200 గదికి 3,360. కొన్ని పేజీల్లో పన్ను కలిపిన అంకె, కొన్నింటిలో కలపని అంకె కనిపిస్తుంది. ఎప్పుడూ పన్ను కలపని దానిని పన్ను కలపని దానితోనే పోల్చాలి. రెండోది మనుషుల సంఖ్య. ఒక్కరికే అని వెతికితే ఒక్కరి రేటు చూపిస్తారు. ఆ రేటు హోటల్ ఎప్పుడైనా విడిగా పెట్టి ఉంటే ఇద్దరి రేటు కన్నా తక్కువే ఉంటుంది. తప్పు లేని చోట తప్పు పట్టుకున్నామని సంబరపడిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటివల్లే.

అన్నట్టు ‘వీకెండ్’ అనే మాట కూడా ఒక ఉచ్చే. హోటల్ లెక్కలో రోజు అంటే రాత్రి. వారాంతం అంటే శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి. ఆదివారం రాత్రికి గది దొరకడం సులువు, రేటు కూడా మామూలే. రేట్లు ఎక్కించే కుర్రాడు క్యాలెండర్‌లో శని, ఆదివారాలకు టిక్ పెట్టి ఉంటే శుక్రవారం రాత్రి 3,200కు పోతుంది, ఆదివారం 4,800కు ఎవరూ కొనక ఖాళీగా ఉంటుంది. తప్పు ఒక్క శుక్రవారాల్లోనే కనిపిస్తే ముందు అటు చూడండి.

ఇప్పుడు సాక్ష్యం. ఒక గది ధర అతిథి కంటికి చేరేలోపు మూడు చోట్ల రాసి ఉంటుంది. హోటల్ తన దగ్గర పెట్టుకున్న ఛానల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదట, అక్కడి నుంచి వెళ్లి ఎక్స్‌ట్రానెట్‌లో, చివరికి అతిథి చూసే పేజీలో. మూడింట్లో ఏ రెండింటి మధ్య అంకె మారిందో అక్కడే తప్పు ఉంది. ఛానల్ మేనేజర్‌లో 4,800, ఎక్స్‌ట్రానెట్‌లో 3,200 ఉంటే దారిలో పోయింది. గది పేరు మారినప్పుడు రెండింటి మధ్య జత తెగిపోవడం, లేదా ‘బ్రేక్‌ఫాస్ట్‌తో’ అనే ప్లాన్‌కు వెళ్లాల్సిన రేటు ‘గది మాత్రమే’ ప్లాన్‌కు వెళ్లడం ఇందుకు మామూలు కారణాలు. అప్పుడు మొదట అడగాల్సింది సాఫ్ట్‌వేర్ కంపెనీని, బుకింగ్ వేదికను కాదు. ఎక్స్‌ట్రానెట్‌లో 4,800 ఉండి, అతిథి పేజీలో 3,200 ఉంటేనే వేదికతో వివాదానికి గట్టి పునాది.

మన హోటల్‌లో జరిగింది ఈ రెండోదే. ఛానల్ మేనేజర్ లాగ్ ప్రకారం నవంబరు 20న ఉదయం 11 గంటల 42 నిమిషాలకు 4,800 పంపారు, అందినట్టు జవాబు వచ్చింది. ఎక్స్‌ట్రానెట్ క్యాలెండర్‌లో 12, 13, 19, 20 తేదీలకు 4,800 ఉంది. మార్పుల చరిత్రలో నవంబరు 20 తర్వాత ఒక్క వరుస కూడా లేదు. ఈ చరిత్ర పేజీలో మార్పు ఎప్పుడు జరిగిందన్న దానితోపాటు ఎవరు చేశారో కూడా ఉంటుంది: హోటల్ లాగినా, సాఫ్ట్‌వేరా, వేదికేనా అని. చాలామంది యజమానులు దాన్ని ఎప్పుడూ తెరవరు. మొత్తం వివాదంలో అంతకన్నా విలువైన పేజీ లేదు.

అతిథి పేజీ స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు లాగిన్ కాకుండా, ప్రైవేట్ విండోలో, ఇద్దరు పెద్దలకు, రూపాయల్లో వెతకాలి. తేదీలు, పైన వెబ్ చిరునామా, కింద కంప్యూటర్ గడియారం మూడూ ఒకే చిత్రంలో పడాలి. డబ్బు కట్టే బటన్‌కు ముందు వచ్చే విడివిడి లెక్క పేజీ కూడా తీయాలి. ‘3,200కు చూపిస్తోంది’ అని మార్కర్‌తో గీసి, కత్తిరించి వాట్సాప్‌లో తిప్పిన బొమ్మను ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

తర్వాతి మెట్టు నష్టం లెక్క. యజమాని నోట మొదట వచ్చే లెక్క సులువైనది: రాత్రికి 1,600 తేడా, ఏడు బుకింగుల్లో పదకొండు రాత్రులు, మొత్తం 17,600. ఈ అంకెతో ఉత్తరం పంపితే అకౌంట్స్ విభాగంలో మొదటి చూపులోనే కొట్టేస్తారు. గది 4,800కు అమ్ముడై ఉంటే ఆ అదనపు 1,600 మీద హోటల్ కమీషన్ కట్టేది కదా. కమీషన్ 18 శాతం అనుకుంటే 288 రూపాయలు. ఆ కమీషన్ మీద వేదిక వేసే జీఎస్‌టీ 18 శాతం, అంటే మరో 51 రూపాయల 84 పైసలు. ఐదు శాతం పన్నులో ఉన్న హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కాబట్టి అది కూడా ఖర్చే. మిగిలేది 1,260 రూపాయల 16 పైసలు. పదకొండు రాత్రులకు 13,861 రూపాయల 76 పైసలు. అడగాల్సింది ఇదే. వేదిక మినహాయించుకునే టీసీఎస్, టీడీఎస్‌లను ఇందులో కలపకూడదు, అవి తర్వాత హోటల్ పన్ను ఖాతాలో జమగా కనిపిస్తాయి. తక్కువ అడుగుతున్నామే అనిపించవచ్చు. కానీ తమ లెక్కకు పైసాతో సరిపోయే అంకెను ‘పరిశీలిస్తున్నాం’ అంటూ నెలలు సాగదీయడం కష్టం.

ఉత్తరం ఎక్కడికి పంపాలన్నదీ ముఖ్యమే. అతిథుల హెల్ప్‌లైన్‌కు కాదు, ఎక్స్‌ట్రానెట్ లోపల ఉండే భాగస్వాముల సపోర్ట్‌కు. మీ ప్రాంతం చూసే మేనేజర్‌కు కాపీ. టికెట్ నంబర్ వచ్చాక ఆ దారంలోనే జవాబులు రాయాలి. ఆలస్యమైందని కొత్త టికెట్ తెరిస్తే కథ మొదటి పేజీకి వెళ్తుంది, కొత్త మనిషి మళ్లీ ‘దయచేసి మీ ఖాతా సరిచూసుకోండి’ దగ్గర మొదలుపెడతాడు. భాష ఇంగ్లీషు కావాల్సి వస్తే అదే క్రమంలో ఇంగ్లీషులో రాయవచ్చు. మన హోటల్ పంపిన ఉత్తరం ఇలా ఉంటుంది:

“విషయం: డీలక్స్ డబుల్, 2025 డిసెంబరు 12, 13, 19, 20 రాత్రులు – ఎక్స్‌ట్రానెట్‌లో 4,800, అతిథి పేజీలో 3,200. ప్రాపర్టీ ఐడీ, మొదటి బుకింగ్ నంబర్ కింద ఇచ్చాం.

సపోర్ట్ బృందానికి నమస్కారం.

పై నాలుగు రాత్రులకు మా డీలక్స్ డబుల్, ‘గది మాత్రమే’ ప్లాన్, ఇద్దరికి, పన్ను కలపకుండా మేము పెట్టిన రేటు 4,800 రూపాయలు. మీ పేజీలో అతిథులకు 3,200 కనిపించింది, ఆ ధరకే ఏడు బుకింగులు ఖరారయ్యాయి. డిసెంబరు 3 సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు ఈ తేదీలకు అమ్మకం మేమే ఆపాం.

మా వైపు సరిచూసుకున్నవి: నవంబరు 20న 11.42కు 4,800 పంపినట్టు ఛానల్ మేనేజర్ లాగ్ (జత 1). ఎక్స్‌ట్రానెట్ క్యాలెండర్‌లో అదే రేటు (జత 2). ఆ తర్వాత ఏ మార్పూ లేదని చూపే చరిత్ర పేజీ (జత 3). ఈ తేదీలకు మేము ఏ ప్రమోషన్‌లోనూ లేమని చూపే పేజీ (జత 4). అతిథి పేజీ, ధర విడివిడి లెక్క (జత 5). 3,200 మా వారం మధ్య రేటు, ఏ డిస్కౌంట్ వేసినా 4,800 నుంచి ఈ అంకె రాదు.

ఖరారైన ఏడు బుకింగులనూ మేము గౌరవిస్తాం. అతిథులను అదనంగా ఏమీ అడగం.

మీ నుంచి కోరేవి: ఈ తేదీలకు అతిథి పేజీలో 4,800 కనిపించేలా చేసి మాకు చెప్పండి, అప్పుడే అమ్మకం తిరిగి తెరుస్తాం. తేడా ఎక్కడ వచ్చిందో రాతపూర్వకంగా తెలపండి. కమీషన్, దానిపై జీఎస్‌టీ పోను మాకు తగ్గిన 13,861.76 రూపాయలను వచ్చే చెల్లింపులో సర్దుబాటు చేయండి, బుకింగ్ వారీ లెక్క జత 6లో ఉంది. అమ్మకం ఆపిన రోజులను మా ర్యాంకింగ్‌లో లోపంగా లెక్కించవద్దు. తేదీలు దగ్గరపడుతున్నందున మొదటి అంశంపై డిసెంబరు 5 లోపు జవాబు ఆశిస్తున్నాం.”

ఇందులో ‘మోసం’ అన్న మాట లేదు, ‘కోర్టుకు వెళ్తాం’ అన్న మాట లేదు. మర్యాద కోసం మాత్రమే కాదు. అలాంటి పదం కనిపించిన ఉత్తరం సాంకేతిక బృందం నుంచి లీగల్ విభాగానికి దారి మళ్లవచ్చు. ధర సరిచేసే మనిషి అక్కడ ఉండడు.

‘బుకింగులను గౌరవిస్తాం’ అన్న వాక్యంపైనే యజమానులు ఎక్కువగా గింజుకుంటారు. తప్పు మనది కానప్పుడు 3,200కే గది ఎందుకివ్వాలి అని. కానీ అతిథి చేతిలో ఖరారైన వోచర్ ఉంది, అరకు గదికి 3,200 అన్నది ఎవరికీ నమ్మశక్యం కాని ధరా కాదు. 4,800కు బదులు 48 అని పడితే సంగతి వేరు, ఇది అలాంటిది కాదు. ఒకే పక్షం పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేసుకోదగింది కాదని భారత కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. అతిథికి ఫోన్ చేసి ‘ఇంకో 1,600 ఇస్తేనే గది’ అంటే వివాదం వేదికతో కాక అతిథితో మొదలవుతుంది. అతిథికి 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వినియోగదారు ఫిర్యాదును వేదిక 48 గంటల్లో అందుకున్నట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వ్యాపారం కోసం వేదికను వాడుకునే హోటల్‌కు మాత్రం ఈ దారి దాదాపు లేదు. దానికి ఆధారం వేదికతో సంతకం చేసిన ఒప్పందమే. రేటు తప్పులపై బాధ్యత ఎవరిది, బిల్లుపై అభ్యంతరం ఎన్ని రోజుల్లో చెప్పాలి అన్న రెండు క్లాజులను ఉత్తరం పంపే రోజే చదివి పెట్టుకోవాలి. గడువు దాటితే ఎంత గట్టి సాక్ష్యమైనా పక్కకు పోతుంది.

జవాబులు ఎలా వస్తాయో కూడా ఊహించవచ్చు. ‘మీ ఛానల్ మేనేజర్ తప్పు రేటు పంపింది’ అంటే, ఆ సందేశం తమకు అందిన సమయం, అందులోని అంకె ఇవ్వమని అడగండి. జత 1, జత 3 ముందే ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆ వాదన ఆగిపోతుంది. ‘ఇది మేమే భరిస్తున్న తగ్గింపు’ అంటే అది హోటల్‌కు నష్టం కాకపోవచ్చు. వేదిక తన కమీషన్‌లో కోసుకుని అతిథికి తక్కువ చూపిస్తుంది, హోటల్‌కు 4,800 లెక్కనే చెల్లిస్తుంది. వోచర్‌లో హోటల్‌కు రావాల్సిన మొత్తం ఎంతో చూస్తే నిజం తెలిసిపోతుంది. మన వోచర్లలో లెక్క 3,200 మీదే ఉంది, కాబట్టి ఆ జవాబు ఇక్కడ చెల్లదు.

‘మరో సైట్‌లో మీ రేటు తక్కువ ఉంది, దానికి సరిపెట్టాం’ అన్నది కొంచెం చిక్కైన జవాబు. అలా సరిపెట్టే హక్కు ఒప్పందంలో ఉందా, ఉంటే ఆ తేడా ఎవరు భరించాలి అన్నదే అక్కడ ప్రశ్న. హోటళ్లను అన్నిచోట్లా ఒకే ధరకు కట్టిపడేసే షరతుల మీద మన దేశంలో పెద్ద వివాదమే నడిచింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయల జరిమానా వేసి, అలాంటి షరతులను ఒప్పందాల నుంచి మార్చమని ఆదేశించింది. పదమూడు వేల రూపాయల వివాదానికి కమిషన్‌ను ఉటంకించాల్సిన అవసరం రాదు. కానీ ‘ధర సరిపెట్టాం’ అన్న జవాబు వస్తే ఏ క్లాజు కింద అని నిలదీసి అడగడంలో తప్పు లేదు. ఇక ఆ ‘మరో సైట్’ మీరు ఎప్పుడూ పేరు వినని చోటైతే, మీరు ఏ టూర్ ఆపరేటర్‌కో టోకుగా ఇచ్చిన రేటు అక్కడికి కారిపోయి ఉంటుంది. దానికి ఈ వేదికకు ఎన్ని ఉత్తరాలు రాసినా ఫలితం ఉండదు, టోకు కొన్నవారిని పట్టుకోవాలి.

ధర సరైందని జవాబు రాగానే అమ్మకం తెరిచేయకూడదు. మళ్లీ ప్రైవేట్ విండోలో నాలుగు తేదీలకూ విడివిడిగా, తర్వాత శుక్ర, శని రెండు రాత్రులు కలిపి వెతకాలి. మొబైల్ యాప్‌లో కూడా. ఒక్కో రాత్రికి 4,800 వచ్చి, రెండు రాత్రులకు కలిపి 8,000 వస్తే ఒక రాత్రి ఇంకా పాత రేటులోనే ఉంది. ఒక్క గది మాత్రమే తెరిచి, మొదటి వోచర్ 4,800 లెక్కతో వచ్చాక మిగతావి తెరిస్తే మంచిది.

ఆ ఏడు బుకింగుల అతిథులు వచ్చి వెళ్లాక రిసెప్షన్‌లో బిల్లుల కాపీలు విడిగా ఉంచాలి. నెలాఖరు లెక్క వచ్చినప్పుడు ఏడు నంబర్లనూ వరుసగా వెతికి, ప్రతి దాని కమీషన్ 3,200 మీదే వేశారా, 4,800 మీద వేశారా చూడాలి. పేజీలో ధర సరిచేసిన తర్వాత పాత బుకింగులకు కూడా కొత్త రేటు మీద కమీషన్ పడే ప్రమాదం ఉంటుంది. అప్పుడు హోటల్ రెండుసార్లు నష్టపోతుంది. సర్దుబాటు మొత్తం చెల్లింపులో కలిపేశామని చెబితే సరిపోదు, అది విడి వరుసగా, టికెట్ నంబరుతో కనిపించాలి. లేకపోతే అదే టికెట్ దారంలో, అవే జతలతో, ఒక్క వాక్యం చాలు: ఫలానా లెక్కలో 13,861.76 రూపాయల సర్దుబాటు కనిపించలేదు, ఏ తేదీ చెల్లింపులో వస్తుందో తెలపండి.